కౌలుదారు పేరు కాగితం మీద లేకపోతే పంటకు ఏమవుతుంది?

భూసంస్కరణలు అనగానే మనకు ముందుగా గుర్తొచ్చేది 1973 నాటి సీలింగ్ చట్టం. తరి భూమి రకాన్ని బట్టి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలు, అంతకు మించి ఒక కుటుంబానికి ఉండకూడదు అన్న చట్టం. దాని చుట్టూ జరిగిన బినామీ పంపకాల కథలు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి. కానీ పొలంలో దిగుబడి ఎంత వస్తుంది, ఎరువు ఎంత పడుతుంది, గట్టు ఎవరు వేస్తారు అన్న ప్రశ్నలకు జవాబు వెతికితే సీలింగ్ చట్టం కంటే కౌలు చట్టమే ఎక్కువ అడ్డు తగులుతుంది. దాని గురించి మాట్లాడుకునేది మాత్రం తక్కువ.

జాతీయ నమూనా సర్వే 2018–19 లెక్కల్లో దేశం మొత్తం మీద సాగు కమతాల్లో దాదాపు ఆరింట ఒకటి కౌలు కలిసినది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ వాటా 40 శాతం దాటింది. గోదావరి, కృష్ణా డెల్టాల్లోని కొన్ని ఊళ్లలో సొంతంగా దున్నుకునే ఆసామిని వెతికి పట్టుకోవాల్సిన పరిస్థితి. అయినా రెవెన్యూ రికార్డు తెరిస్తే ఆ ఊళ్లో కౌలుదారే ఉండడు. అంతా పట్టాదారులే సాగు చేస్తున్నట్టు కనిపిస్తుంది. ఈ తేడా ఎవరో గుమస్తా బద్ధకం వల్ల వచ్చింది కాదు. కౌలుదారును కాపాడటానికి తెచ్చిన చట్టమే దీనికి మూలం.

ఆంధ్ర ప్రాంతానికి వర్తించే కౌలు చట్టం 1956లో వచ్చింది. చదివితే కౌలుదారు పక్షాన గట్టిగా నిలబడ్డట్టే ఉంటుంది. కౌలు ఒప్పందం రాతలో ఉండాలి, కాలపరిమితి కనీసం ఆరేళ్లు ఉండాలి. బాకీ ఎగ్గొట్టడం, భూమిని పాడుచేయడం లాంటి కారణాలు చూపించి ట్రిబ్యునల్ ద్వారా తప్ప కౌలుదారును లేపకూడదు. అతను పోతే హక్కు వారసులకు వస్తుంది. ఆసామి భూమి అమ్ముకోవాలంటే ముందు కౌలుదారుకే చూపించాలి. తర్వాతి సవరణలతో కౌలు కూడా దిగుబడిలో పాతిక నుంచి 30 శాతం మించకూడదన్నారు.

తెలంగాణ ప్రాంతంలో అంతకన్నా బలమైన చట్టం 1950లోనే వచ్చింది. సాయుధ పోరాటం ఇంకా ముగియని రోజులవి. హైదరాబాద్ కౌలుదారీ చట్టం ‘రక్షిత కౌలుదారు’ అనే వర్గాన్ని గుర్తించింది. తర్వాత చేర్చిన 38–ఇ సెక్షన్ కింద అలాంటి కౌలుదార్లకు యాజమాన్య హక్కు పత్రాలే ఇచ్చారు. ఆ పత్రాలతో నిజంగా భూమి దక్కినవాళ్లు ఉన్నారు, హైదరాబాద్ చుట్టుపక్కల దశాబ్దాలుగా కోర్టుల్లో నలుగుతున్నవాళ్లూ ఉన్నారు. మిగతా ఆసాములందరికీ దీన్నుంచి అర్థమైన సంగతి ఒకటే. కౌలుదారు పేరు ఒక్కసారి కాగితం మీదికి ఎక్కిందా, భూమి చేజారే దారి తెరుచుకున్నట్టే.

అప్పటి నుంచి కౌలు నోటిమాట మీదికి వెళ్లింది. ఉగాదికో తొలకరికో మాట అనుకుంటారు, ఏడాదికి ఇస్తారు. రెండు మూడేళ్లకు మనిషిని మారుస్తారు, లేదా పొలాన్ని మారుస్తారు. పహాణీలో, అడంగల్‌లో అనుభవదారు గడిలో కూడా పట్టాదారు పేరే రాయిస్తారు. చట్టం 30 శాతం అంటుంది, ఊళ్లో సగం నడుస్తుంది. అది ఎక్కువని ట్రిబ్యునల్‌కు వెళ్లాలంటే ముందు తాను కౌలుదారునని రుజువు చేసుకోవాలి. ఆ రుజువే లేదు కదా.

ఇక దిగుబడి సంగతి. అర్థశాస్త్రంలో కౌలు గురించి పాత వాదం ఒకటి ఉంది. ఆల్ఫ్రెడ్ మార్షల్ పేరు మీద చలామణి అవుతుంది. పంటలో సగం ఆసామికి పోయేటప్పుడు, పాలికి చేసేవాడు తాను అదనంగా పెట్టే ప్రతి రూపాయికీ ఫలితంలో సగమే చూస్తాడు. కాబట్టి సొంత పొలంలో పెట్టినంత పెట్టడు, చేసినంత చెయ్యడు. వినడానికి సరైన మాటే. కానీ దీన్ని పొలంలో రుజువు చేయడం కష్టం. పాలికి ఇచ్చే భూమి సాధారణంగా నాసిరకంగానే ఉంటుంది, పాలికి చేసే మనిషి కూడా బీదవాడే అయి ఉంటాడు. దిగుబడి తగ్గితే తప్పు భూమిదా, మనిషిదా, ఒప్పందానిదా అని ఎలా తేల్చడం?

రద్వాన్ షబాన్ అనే ఆర్థికవేత్త దీనికి ఒక ఉపాయం పట్టుకున్నారు. మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1970ల నుంచి మెట్ట ప్రాంతపు ఊళ్లలో ప్రతి మడి లెక్కా రాస్తూ వచ్చింది. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, డోకూరు కూడా ఆ ఊళ్లలో ఉన్నాయి. ఆ లెక్కల్లోంచి కొంత సొంత భూమి, కొంత కౌలు భూమి కలిపి చేసేవాళ్లను షబాన్ తీసుకున్నారు. మనిషి ఒక్కడే, ఎద్దులు అవే, తెలివీ అదే, భూమి మాత్రం రెండు రకాలు. 1987లో అచ్చయిన ఆయన లెక్క ప్రకారం పాలికి చేసిన మడి కంటే సొంత మడిలో ఎకరా దిగుబడి మూడో వంతు దాకా ఎక్కువ. నీటి వసతి, నేల నాణ్యత తేడాలు తీసేశాక కూడా 16 శాతం మిగిలింది. ఆ 16 శాతం ఒప్పందం వల్ల పోయిన పంట.

ఆయన లెక్కలో రెండో సగం ఇంకా ముఖ్యమైనది, దాన్ని చాలామంది వదిలేస్తారు. పాలు కాకుండా ఇంత అని ముందే తేల్చుకునే గుత్త కౌలులో అలాంటి తేడా కనిపించలేదు. కారణం తెలిసిందే. కౌలు కట్టేశాక మిగిలిందంతా తనదే అయినప్పుడు చివరి బస్తా కూడా తనదే.

మరి డెల్టాలో పెద్దగా నడిచేది బస్తాల లెక్కన కౌలే కదా, అక్కడ సమస్య లేనట్టేనా? ఒక ఎకరం తీసుకుని లెక్క వేద్దాం. అంకెలు ఊహించుకున్నవే, డెల్టా రైతు మాత్రం చూసి నవ్వడు. సార్వాలో ఎకరానికి 75 కిలోల బస్తాలు 30 పండుతాయి, కౌలు 15 బస్తాలు అనుకుందాం. 2024–25లో సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాల్‌కు 2,300 రూపాయలు, అంటే బస్తా 1,725. పంట మొత్తం విలువ 51,750. అందులో సగం కౌలుకే పోయింది. తుపాను వచ్చి 18 బస్తాలకు పడిపోతే కౌలుదారుకు మిగిలేది మూడు బస్తాలు. కోత కూలీకి కూడా చాలవు. కౌలు తగ్గించమని అడిగితే కొందరు ఆసాములు తగ్గిస్తారు, కొందరు వచ్చే ఏడాది చూద్దాం అంటారు.

ఇప్పుడు పంట మధ్యలో ఒక నిర్ణయం తీసుకోవాలి. పైపాటు ఎరువుకు, ఇంకోసారి కలుపు తీయించడానికి 2,000 రూపాయలు అవుతుంది. చేస్తే రెండు బస్తాలు అదనంగా వస్తాయి, విలువ 3,450. నాలుగేళ్లకోసారి తుపానో ముంపో ఆ రెండు బస్తాలనూ తినేస్తుంది అనుకుందాం.

సొంత పొలమున్న ఆసామికి బ్యాంకులో పంట రుణం ఏడు శాతానికి దొరుకుతుంది. సమయానికి కడితే ఇంకా తగ్గుతుంది. ఐదు నెలలకు వడ్డీ 58 రూపాయలు, మొత్తం ఖర్చు 2,058. నాలుగింట మూడుసార్లు వచ్చే 3,450ని సగటు వేస్తే సుమారు 2,588. అంటే 530 రూపాయల లాభం, కాబట్టి ఎరువు వేస్తాడు. పంట పోయిన ఏడాది బీమానో ఇన్‌పుట్ సబ్సిడీనో వస్తే అది అదనం.

సగం పాలికి చేసేవాడు, ఖర్చంతా తనదే అయితే, మంచి ఏడాదిలోనే 2,000 పెట్టి 1,725 తెచ్చుకుంటాడు. వెయ్యడు. మార్షల్ చెప్పింది ఇదే.

బస్తాల లెక్కన కౌలుకు చేసేవాడికి రెండు బస్తాలూ దక్కుతాయి. మార్షల్ లెక్కలో అయితే ఇతను ఆసామిలాగే ఎరువు వెయ్యాలి. కానీ ఇతనికి బ్యాంకు అప్పు ఇవ్వదు. ఎరువుల కొట్టులోనో ధాన్యం వ్యాపారి దగ్గరో నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెస్తాడు. ఐదు నెలలకు 300, మొత్తం 2,300. అప్పిచ్చిన వ్యాపారికే ధాన్యం వెయ్యాలి కాబట్టి బస్తాకు 200 తగ్గించి తీసుకుంటాడు. రెండు బస్తాలకు వచ్చేది 3,050. తుపాను భయం కలిపి సగటు వేస్తే 2,288. అంటే 12 రూపాయల నష్టం. ఎరువు తగ్గిస్తాడు, లేదా చౌకగా దొరికే యూరియా ఒక్కటే చల్లి పొటాష్ మానేస్తాడు.

పొలం అదే, విత్తనం అదే, మనిషికీ పని వచ్చు. మారింది వడ్డీ, అమ్మకపు ధర, నష్టాన్ని ఎవరు మోస్తారన్నది. ఈ మూడూ పంటకు సంబంధించినవి కావు, పేరు రికార్డులో ఉందా లేదా అన్నదానికి సంబంధించినవి. అందుకే కౌలు ఎక్కువ కాబట్టి దిగుబడి తక్కువ అనే మాట నాకు పూర్తిగా మింగుడుపడదు. బస్తాల కౌలు ఎంత ఎక్కువైనా అది ముందే తేలిన ఖర్చు, చివరి బస్తా నిర్ణయాన్ని అది నేరుగా మార్చదు. కుటుంబాన్ని మాత్రం అప్పుల్లోకి నెడుతుంది, అక్కడి నుంచి తిరిగి వడ్డీ రూపంలో పొలంలోకే వస్తుంది.

లెక్కలో ఇంకో పొర నేలది. వేసవిలో జీలుగో పిల్లిపెసరో చల్లి పూతకు వచ్చేముందు కలియదున్నితే నేల బాగుపడుతుంది. చెరువు మట్టి, పశువుల ఎరువు తోలితే ఫలితం రెండు మూడేళ్లు ఉంటుంది. చౌడు నేలలో జిప్సం వేస్తే, మిట్టపల్లాలు చదును చేయిస్తే కూడా అంతే. ఖర్చు ఈ ఏడాదిది, లాభం వచ్చే ఏడాదులది. వచ్చే తొలకరికి ఈ పొలం తనదో కాదో తెలియని మనిషి ఇవి చేయడు, చేయకపోవడంలో తప్పు కూడా లేదు. పైగా బాగుచేస్తే వచ్చే ఏడాది కౌలు రెండు బస్తాలు పెరిగే ప్రమాదం ఉంది. ఊళ్లో ఏ మడి కౌలుదో తెలుసుకోవాలంటే ఎవరినీ అడగనక్కర్లేదు. గట్లు సన్నబడి ఉంటాయి, బోదె పూడిపోయి ఉంటుంది, పొలం ఒక మూల నీళ్లు నిలిచి ఉంటాయి. ఆసామి నగరంలో ఉంటాడు, గట్టు సంగతి అతనికి తెలియదు. కౌలుదారుకు తెలుసు, అక్కర్లేదు.

కౌలుదారు పేరును నిజంగా కాగితం మీదికి ఎక్కిస్తే ఏమవుతుందో చూసిన రాష్ట్రం పశ్చిమ బెంగాల్. అక్కడి పాలికాపులను బర్గాదారులు అంటారు. వాళ్లకు చట్టంలో హక్కులు ముందు నుంచీ ఉన్నాయి, అవి కూడా మన హక్కుల్లాగే అల్మరాలో ఉన్నాయి. 1978లో మొదలైన ఆపరేషన్ బర్గా ముఖ్యంగా రెండు పనులు చేసింది. అధికారులు ఆఫీసులో కూర్చోకుండా ఊళ్లోకి వెళ్లి, సాయంత్రాలు శిబిరాలు పెట్టి, అందరి ఎదుట పేర్లు రాసుకున్నారు. రెండోది, రుజువు బాధ్యతను తిరగేశారు. ఒకడు వేరేవాళ్ల భూమి దున్నుతుంటే అతను బర్గాదారే అని చట్టం అనుకుంటుంది, కాదని చూపించాల్సింది ఆసామి. పేరెక్కిన బర్గాదారు ఖర్చులు తనవే పెట్టుకుంటే పంటలో 75 శాతం అతనిది. 1990ల మధ్యకు సుమారు 14 లక్షల మంది పేర్లు ఎక్కాయి.

అభిజిత్ బెనర్జీ, పాల్ గెర్ట్లర్, మైత్రీశ్ ఘటక్ 2002లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఆ తర్వాత బెంగాల్ వ్యవసాయ ఉత్పాదకతలో వచ్చిన పెరుగుదలలో దాదాపు 28 శాతానికి ఈ నమోదే కారణం. భూసంస్కరణకు ఇది పెద్ద అంకె. అయితే అదే కాలంలో బెంగాల్‌లో బోర్లు పెరిగాయి, అధిక దిగుబడి వరి రకాలు వచ్చాయి, పంచాయతీలు విత్తన సంచులు పంచాయి. ఇలాంటి సంస్కరణ జరగని పొరుగు బంగ్లాదేశ్‌తో పోల్చి ఆ ప్రభావాలను విడదీయడానికి వాళ్లు ప్రయత్నించారు. తర్వాత వచ్చిన పరిశోధనలు కొన్ని నమోదు వాటాను ఇంకా చిన్నదిగా చూపించాయి. కాబట్టి 28 అనే అంకెను పట్టుకు వేలాడనక్కర్లేదు. దిశ మాత్రం తేలింది: వాటా పెరిగి, లేపేస్తారన్న భయం పోతే పాలికాపు ఎక్కువ పండిస్తాడు.

మరి మనం కూడా బర్గా చేస్తే సరిపోదా? సరిపోదనే నా అభిప్రాయం. బర్గా నాటి ఆసామి, మన ఆసామి ఒకే రకం మనుషులు కారు. ఇవాళ డెల్టాలో భూమి కౌలుకిచ్చేవాళ్లలో రెండెకరాల వితంతువు ఉంది, హైదరాబాద్‌లో చిరుద్యోగి ఉన్నాడు, డాలస్‌లో స్థిరపడి అమ్మానాన్నల పొలం అమ్మలేక అట్టేపెట్టుకున్నవాడూ ఉన్నాడు. తీసుకునేవాళ్లలో సెంటు భూమి లేని దళిత కుటుంబం ఉంది, సొంత ట్రాక్టర్‌తో పాతికెకరాలు కౌలుకు చేసే మోతుబరీ ఉన్నాడు. ఈ పరిస్థితిలో రుజువు బాధ్యత ఆసామి మీద పెడితే చాలామంది భూమిని బీడు పెడతారు, లేదా కౌలుకిచ్చి కూలికి పెట్టుకున్నామని చెబుతారు. 1956 చట్టం నేర్పిన పాఠాన్నే ఇంకోసారి చదువుకున్నట్టవుతుంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2011లో వేరే దారి పట్టింది. ఆ ఏడాదే కోనసీమ రైతులు సార్వా నాట్లు వేయకుండా పంట విరామం ప్రకటించారు. సాగు గిట్టక చేతులెత్తేసినవాళ్లలో కౌలుదార్లూ ఉన్నారు. అధీకృత సాగుదారుల చట్టం అనే కొత్త చట్టం కౌలుదారుకు భూమి మీద ఏ హక్కూ ఇవ్వలేదు. ఏడాదికి పనికొచ్చే రుణ అర్హత కార్డు మాత్రం ఇచ్చింది. హక్కునూ రుణాన్నీ విడదీసిన ఆలోచన మంచిదే. లక్షల్లో కార్డులు ఇచ్చారు. బ్యాంకు గుమ్మం దగ్గర మాత్రం చాలా కార్డులు ఆగిపోయాయి. ఎందుకంటే బ్యాంకు దృష్టిలో పంట రుణం మనిషికి కాదు, సర్వే నంబరుకు. ఆ సర్వే నంబరు మీద ఆసామి ఎప్పుడో పంట రుణం తీసేసుకుని ఉంటాడు. పంట వేయని మనిషి పేరున పంట రుణం, వేసిన మనిషికి వడ్డీ వ్యాపారి. ఒకే భూమికి రెండోసారి రుణం ఇవ్వకూడదని మేనేజర్ అంటే, నిబంధన ప్రకారం అతని మాట తప్పు కాదు.

2019లో ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చింది. 1956 చట్టం పుట్టించిన భయం పోగొట్టడానికి కాలపరిమితిని 11 నెలలకు కుదించారు, భూమి మీద ఏ హక్కూ రాదని స్పష్టంగా రాశారు. దాంతోపాటు ఆసామి సంతకం కావాలన్నారు. సంతకం దగ్గరే పని ఆగింది. హక్కు పోదని ఆసామికి నచ్చజెప్పవచ్చు, కానీ సంతకం పెడితే సున్నా వడ్డీ రుణం, బీమా, పరిహారం లాంటివి కౌలుదారు వైపు మళ్లుతాయని అతనికి తెలుసు. ఇది భూమి పోతుందన్న భయం కాదు, వచ్చే డబ్బు వదులుకోవాలన్న లెక్క. భయాన్ని చట్టంతో తీసేయవచ్చు, లెక్కను తీసేయలేం.

తెలంగాణలో ఆ లెక్క ఇంకా పెద్దది. 2018లో మొదలైన రైతుబంధు ఎకరాకు ఇంత అని పట్టాదారుకే ఇచ్చింది. ఐదు లక్షల రైతు బీమా కూడా పట్టా పాసుపుస్తకం ఉన్నవాళ్లకే. 2020లో ధరణి వచ్చాక రికార్డులోంచి అనుభవదారు గడినే తీసేశారు. రికార్డు శుభ్రంగా, వివాదం లేకుండా ఉండాలన్నది ఉద్దేశం. ఎవరు దున్నుతున్నారన్న ప్రశ్నే అందులో లేకుండా పోయింది. ఎకరాకు వచ్చే సాయం కొంతమేర కౌలు ధరలో కలిసిపోతుందని ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. భూమి పట్టుకుని ఉంటే చాలు డబ్బు వస్తుందంటే, ఆ భూమిని ఎందుకు తగ్గించి ఇస్తారు?

పైన వేసిన 2,000 రూపాయల లెక్కకు తిరిగి వెళ్తే, దాన్ని మార్చడానికి కౌలుదారుకు భూమి హక్కు అక్కర్లేదు. రుణం, బీమా, ప్రభుత్వ కొనుగోలు, ఈ మూడింటికీ సర్వే నంబరుతో పాటు ఆ సీజన్‌లో పంట వేసిన మనిషి పేరు ఆధారం కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఈ–క్రాప్ నమోదు ఆ పని చేయగలదు, పొలానికి వెళ్లి అక్కడున్న మనిషి పేరే రాస్తే. నలుగురి నుంచి పదిమంది కౌలుదార్లు కలిసి ఒకరికొకరు పూచీ ఉండే సంఘాలకు బ్యాంకులు భూమి తనఖా లేకుండా అప్పు ఇచ్చే పద్ధతి ఇప్పటికే ఉంది. అది నడిచిన చోట సర్వే నంబరు గొడవ ఉండదు, ఎందుకంటే అక్కడ అప్పు మనుషులకిస్తారు. దాని హద్దు కూడా చెప్పుకోవాలి. తుపాను వచ్చిన ఏడాది సంఘంలో పదిమందీ ఒకేసారి మునుగుతారు, పూచీకి అర్థం ఉండదు. బీమా తోడు లేకపోతే రెండో ఏడాదికి సంఘం చెదిరిపోతుంది.

నేల సంగతి మాత్రం దీనితో తేలదు. ఏడు శాతానికి రుణం ఇచ్చినా 11 నెలల కౌలుదారు జీలుగ చల్లడు. 2016లో నీతి ఆయోగ్ కోసం హక్ కమిటీ రాసిన నమూనా కౌలు చట్టంలో దీనికి ఒక జవాబు ఉంది. గడువును ఇద్దరూ మాట్లాడుకున్నంత పెట్టుకోవచ్చు. గడువు ముగిసి కౌలుదారు పొలం వదిలేటప్పుడు, ఆసామి ఒప్పుకోలుతో అతను నేలలో పెట్టిన పెట్టుబడిలో ఇంకా ఫలితం మిగిలి ఉన్న భాగానికి లెక్క కట్టి డబ్బు తిరిగి ఇవ్వాలి. అదే ఏడాది మధ్యప్రదేశ్ చేసిన చట్టం ఐదేళ్ల దాకా ఒప్పందానికి వీలిచ్చింది. మన దగ్గర నడిచేది 11 నెలల పత్రం. చెరువు మట్టి ఖర్చును మూడేళ్లకు పంచి లెక్క కట్టడానికి అందులో చోటే ఉండదు.